ఎనిమిదడుగుల ఫ్లెక్సీ పదడుగులైతే

శ్రీరామనవమికి రెండు రోజుల ముందు మా ఊరి కల్యాణం కమిటీ కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, నిరుడు వేసిన ఫ్లెక్సీయే మళ్ళీ వేయిద్దాం. కుడిపక్కన అతిథిగారి ఫొటో తీసెయ్యాలి, ఈసారి ఆయన రావట్లేదు. పందిరి ముందు ఫ్రేము పదడుగులు కట్టేశారు, పాత ఫ్లెక్సీ ఎనిమిదే. కొంచెం సాగదీసి ఇవ్వన్నా."

చాలా ఫ్లెక్సీలు పాడయ్యేది ఆ సాగదీయడం దగ్గరే. ఫోటోషాప్‌లో Image Size తెరిచి, వెడల్పు, ఎత్తుల మధ్య ఉండే గొలుసు గుర్తు విప్పేసి, 96 అంగుళాల చోట 120 కొడితే క్షణంలో పదడుగుల ఫ్లెక్సీ వస్తుంది. ఎత్తు మాత్రం నాలుగడుగులే ఉండిపోతుంది. అంటే ప్రతి వస్తువూ పాతిక శాతం అడ్డంగా లావెక్కుతుంది. పన్నెండు అంగుళాల గుండ్రటి చక్రం పదిహేను అంగుళాల కోడిగుడ్డు అవుతుంది. సీతమ్మ ముఖం ఉబ్బుతుంది. ముఖాన్నీ, అక్షరాన్నీ, గుండ్రటి వస్తువునీ మన కన్ను ఎప్పుడూ కొలుస్తూనే ఉంటుంది. ఏం తేడా వచ్చిందో చెప్పలేకపోయినా, ఏదో బాగాలేదని పసిపిల్లలు కూడా అంటారు. అదే ఖాళీ ఆకాశం పాతిక శాతం సాగితే ఎవరికీ తెలియదు. అందుకని సాగదీయాల్సి వస్తే ఏమీ లేని చోటునే సాగదీయాలి. ఈ పనికంతటికీ ఆధారం ఇదొక్కటే.

మొదట అసలు ఫైలు అడిగాను. పొరలు విడివిడిగా ఉండే పీఎస్‌డీ దొరికితే ఫొటో ఉన్న పొర చెరిపేయడం, అక్షరాల పొర జరపడం నిమిషాల పని. అది పాత కంప్యూటరుతో పాటే పోయిందట. మిగిలింది పొరలన్నీ కలిసిపోయిన జేపీజీ. అది కూడా మొదట వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపాడు. అలా పంపితే వాట్సాప్ దాన్ని బాగా కుదించేస్తుంది. "డాక్యుమెంటుగా పంపు తమ్ముడూ" అన్నాక అసలు కొలతల్లో వచ్చింది. అంగుళానికి 72 చుక్కల లెక్కన 6912 చుక్కల వెడల్పు, 3456 ఎత్తు.

బొమ్మ అమరిక ఇదీ. ఎడమ రెండున్నర అడుగుల్లో కల్యాణం దృశ్యం, తర్వాత మూడున్నర అడుగుల్లో అక్షరాలు, చివరి రెండడుగుల్లో అతిథి. వెనక రంగు పైన కాషాయం, కిందికి వచ్చేసరికి పసుపు. అక్కడక్కడా మసక బంతిరేకులు. పై అంచంతా మామిడాకుల తోరణం.

అతిథిని తీసేస్తే రెండడుగుల గుంత. కొత్తగా కలిసే చోటు మరో రెండడుగులు. ఇలాంటప్పుడు తొందరపడి గుంత పూడ్చబోకూడదని నా అభిప్రాయం. ఉన్న వస్తువునే దాని మీదికి జరపగలమా అన్నది ముందు చూసుకోవాలి. ఇక్కడ జరపవచ్చు. ఎందుకంటే రంగు పైనుంచి కిందికే మారుతోంది, ఎడమ నుంచి కుడికి మారడం లేదు. కాబట్టి అక్షరాల ముక్కను వెనక రంగుతో సహా నిలువునా కోసి పక్కకు జరిపితే, ఎంత జరిపినా అదే ఎత్తులో అదే రంగు తగులుతుంది. మూలల నుంచి వెలుగు చిమ్మే నేపథ్యమైతే ఈ ఉపాయం పనికిరాదు.

ఒక చిన్న చిక్కుంది. అతిథిగారి భుజం, దాని చుట్టూ వేసిన తెల్లటి మెరుపు చివరి అక్షరాల వెనక్కి రెండంగుళాలు చొచ్చుకొచ్చాయి. అక్షరాలను వదిలి భుజాన్నీ మెరుపునీ కలిపి ఎంచుకుని, Edit మెనూలో Content-Aware Fill తెరిచాను. ఎక్కడి చుక్కలు తెచ్చి పూడ్చాలో అక్కడ ఆకుపచ్చ పూత చూపిస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే పక్కనున్న అక్షరాల ముక్కలు తెచ్చి అతికిస్తుంది, సగం కొమ్ములు, తెగిన దీర్ఘాలు తేలుతాయి. అక్షరాల మీద, అతిథి మీద పూత చెరిపి, ఖాళీ రంగు మీదే ఉంచాను. ఫలితాన్ని కొత్త పొరలో తీసుకుని, బాగుందనుకున్నాక కిందిదానితో కలిపాను.

తర్వాత Canvas Size. ఇది బొమ్మను ముట్టుకోదు, చుట్టూ చోటు మాత్రమే పెంచుతుంది. తొమ్మిది గడుల్లో ఎడమవైపు మధ్య గడి నొక్కి, వెడల్పు 120 అంగుళాలు చేస్తే 1728 చుక్కల ఖాళీ కుడివైపునే వచ్చింది. అక్షరాల ముక్కను సరిగ్గా రెండడుగులు కుడికి జరిపాను. అతిథి నిలబడ్డ చోటంతా దాని కింద మూసుకుపోయింది. ఇప్పుడు అక్షరాలకు ఎడమన రెండడుగులు, కుడిన రెండడుగులు మిగిలాయి.

బొమ్మకూ అక్షరాలకూ మధ్య రేకులేమీ లేని నాలుగంగుళాల పట్టీ దొరికింది. తోరణం కింది నుంచి అడుగుదాకా దాన్ని నకలు తీసి, రెండడుగులకు అడ్డంగా లాగాను. ఆరు రెట్లు సాగింది, అయినా సాగడానికి అందులో ఏమీ లేదు. చుక్క వెడల్పు పట్టీతోనూ ఈ పని చేయవచ్చంటారు గానీ, జేపీజీలో ఉండే సన్నటి గరుకంతా అడ్డగీతలై కనిపిస్తుంది. పట్టీ ఎంత వెడల్పుంటే అంత మేలు. పూడ్చిన భాగం పక్కభాగం కంటే నున్నగా వచ్చింది కాబట్టి, Add Noise తో ఒక్క శాతం గరుకు కలిపాను. అంచులు కాస్త ఒకదానిమీదొకటి ఎక్కేలా పెట్టి మెత్తటి బ్రష్‌తో కలిపేశాను.

తోరణాన్ని మాత్రం లాగలేదు. ఒక్కో ఆకుల గుత్తి ఆరంగుళాలు, కాబట్టి రెండడుగులకు నాలుగు గుత్తులు నకలు తీసి వరసగా పెట్టాను. ముక్కను సరిగ్గా రెండడుగులే జరపడం కూడా అందుకే, గుత్తుల లెక్క తప్పకూడదని. నాలుగు రేకులు తెచ్చి, ఒక్కోదాన్ని వేరే కోణంలో తిప్పి కొత్త చోట్లో చల్లాను. తిప్పకపోతే అవే రేకులని తెలిసిపోతుంది. బొమ్మను అద్దంలోలా తిరగేసి అతికించే అలవాటూ కొందరికి ఉంది. అతుకు దగ్గర రెండువైపులా ఒకేలా సీతాకోకచిలుక రెక్కల్లా కనిపించి పట్టిచ్చేస్తుంది.

నేపథ్యం ఇంత తేలికైనది కాకుండా చెట్లో, జనమో ఉన్న ఫొటో అయితే నిలువు గీత గీసి కోసే వీలుండదు. దీనికి 2007లో షాయ్ అవిదాన్, ఏరియల్ షమీర్ అనే పరిశోధకులు ఒక దారి చూపారు. పైనుంచి కిందికి ఒక్క చుక్క వెడల్పున, ముఖ్యమైన వస్తువులను తప్పించుకుంటూ వంకరటింకరగా పోయే దారిని కంప్యూటరే వెతుకుతుంది. అలాంటి దారులను తీసేస్తే బొమ్మ కుదించుకుంటుంది, వాటి పక్కన కొత్త చుక్కలు చేరిస్తే వెడల్పవుతుంది. అక్కర్లేని మనిషి మీదుగా దారులు తీసి అతన్ని మాయం చేసి, వేరే చోట దారులు చేర్చి పాత వెడల్పు తెచ్చే పద్ధతి కూడా వాళ్ళే చూపారు. ఫోటోషాప్‌లో Content-Aware Scale పేరుతో ఉన్నది ఈ ఆలోచనే. ముఖాలనూ అక్షరాలనూ ముందే ఎంచుకుని, ఆ ఎంపికను ఆల్ఫా చానెల్‌గా దాచి, Protect దగ్గర దాని పేరు ఇవ్వాలి. అయినా గుడి స్తంభాలు, గోడ అంచులు వంగవచ్చు. తిన్నటి గీత ఉన్న బొమ్మలో దీన్ని నమ్మి ఎక్కువ లాగకండి.

ప్రింటుకు పంపేముందు ఒక పరీక్ష చేస్తాను. పైన Curves పొర ఒకటి వేసి గీతను విపరీతంగా నిటారు చేస్తే, మామూలుగా కనపడని అతుకులన్నీ చారల్లా తేలతాయి. సరిచేశాక ఆ పొర తీసేస్తాను. ఈసారి కుడి పట్టీ దగ్గర ఒక చార దొరికింది. ఆ తర్వాత Shift నొక్కి గీసిన నిండు వృత్తాన్ని చక్రం మీద పెట్టి చూశాను, అంచుకు అంచు సరిపోయింది.

మీరు ఫ్లెక్సీ వేయించినప్పుడల్లా డబ్బులిచ్చే రోజునే పీఎస్‌డీ అడిగి తీసుకుని, మీ మెయిల్‌లో దాచుకోండి.