సగం అయింది... ఎవరి లెక్కన?

2018 జూన్ 8, శుక్రవారం. డబ్లిన్‌లోని మా ఆఫీసులో ఒకే మీటింగులో రెండు స్లైడ్లు వేశారు. మొదటిదాంట్లో ‘నిర్మాణం 50 శాతం’ అని ఆకుపచ్చ పట్టీ. రెండోది స్ప్రింట్ బోర్డు లెక్క: 250 పాయింట్లలో 100 పూర్తి, అంటే 40 శాతం. రెండూ మా జట్టువే, రెండూ ఆ రోజువే. ఆ పది శాతం ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు.

మాది పేరోల్ సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఐర్లండులో జీతంలోంచే పన్ను కోసే పీఏవైఈ పద్ధతి 1960లో వచ్చింది. ఏడాది లెక్కంతా యజమానులు పీ35 అనే పత్రంలో ఏడాది ముగిశాక పంపేవారు. 2019 జనవరి 1 నుంచి అలా కుదరదని చట్టం తెచ్చారు. జీతం ఇచ్చేముందు రెవెన్యూ శాఖ నుంచి ప్రతి ఉద్యోగి తాజా పన్ను వివరాలు, అంటే ఆర్‌పీఎన్, తెచ్చుకోవాలి. జీతం చేతికందే రోజుకో, అంతకుముందో లెక్క పంపాలి. ముహూర్తం మన చేతిలో లేదు. అందుకే పైన తేదీలు కట్టిన దశలు, లోపల రెండేసి వారాల స్ప్రింట్లు పెట్టుకున్నాం.

ఈ జోడీలో పెద్దది పట్టీల చార్టు. పోలండ్ ఇంజనీరు కరోల్ అడమెట్స్కి 1896లోనే అలాంటిది గీశాడు. పేరు మాత్రం 1910ల్లో దాన్ని ఫ్యాక్టరీల్లోకి తెచ్చిన హెన్రీ గాంట్‌కు దక్కింది. దశలను మెట్లుమెట్లుగా గీసిన విన్‌స్టన్ రాయిస్ వ్యాసం 1970 నాటిది. చిత్రమేమిటంటే అందులో ‘వాటర్‌ఫాల్’ అన్న మాటే లేదు, పైగా పరీక్షలన్నీ చివరికి నెడితే ప్రమాదమని ఆయనే హెచ్చరించాడు. స్క్రమ్‌ను సదర్లాండ్, ష్వేబర్ 1995లో ఒక సదస్సులో వివరించారు. ఈ రెండూ కలిసిన సంసారానికి 2011లో డేవ్ వెస్ట్ ‘వాటర్-స్క్రమ్-ఫాల్’ అని కొంచెం ఎగతాళిగానే పేరు పెట్టాడు.

గాంట్ మీద నేరం మోపలేం. ఆయన పట్టీ చేయాల్సిన పనికీ అయిన పనికీ పోలిక. మా మేనేజరు దాన్ని క్యాలెండర్‌తో నింపాడు. ఏప్రిల్ 2న మొదలై ఆగస్టు 17న ముగియాల్సిన నిర్మాణ దశలో పది స్ప్రింట్లకు ఐదు గడిచాయి కాబట్టి 50 శాతం! గడిచింది కాలం, పని కాదు.

మొదట 200 పాయింట్ల పని అనుకున్నాం, స్ప్రింటుకు సగటున 20 చేస్తున్నాం. ఇంకో 150 ఉన్నాయి కాబట్టి ఏడున్నర స్ప్రింట్లు, సెప్టెంబరు 21 అన్నారు. ఐదు వారాల ఆలస్యం, టెస్టింగులో సర్దుకుందాం అన్నారు. కానీ 200 కాస్తా 250 ఎలా అయింది? తిరస్కరించిన లెక్కను సరిచేసి మళ్లీ పంపడం లాంటివి మెల్లగా బయటపడ్డాయి. స్ప్రింటుకు పది పాయింట్ల చొప్పున కొత్త పని చేరుతోంది. ఇరవై తవ్వుతుంటే పది కూలుతోంది. నికరంగా పదే. అలాగే సాగితే 15 స్ప్రింట్లు పడతాయి. వేలు పెట్టి లెక్కపెడితే 2019 జనవరి 4 తేలింది. చట్టం గడువు దాటి మూడు రోజులు!

బోర్డు మీద ‘పూర్తి’ గడినే చూస్తే ఇది కనబడదు. రెండు గీతలుండే బర్న్‌అప్ చార్టులో కనబడుతుంది: కింద పూర్తయిన పని, పైన మొత్తం పని. పై గీత కూడా ఎక్కుతుంటే రెండూ కలిసే చోటు ప్రతి పక్షానికీ జరుగుతుంది. దశకు చెప్పిన అంచనా తేదీని ప్రతి స్ప్రింటు చివర రాసిపెట్టుకుంటే అదే సంగతి మరోలా తేలుతుంది. రెండు వారాలు గడిచేసరికి తేదీ కూడా రెండు వారాలు జరిగిందంటే, మనం నడుస్తున్నా ఊరు దగ్గర పడటం లేదు.

మేం ముందు చేసింది శాతాన్ని పట్టీలోంచి తీసేయడం. నిర్మాణ దశ ముగిసిందనడానికి ఒకటే పరీక్ష పెట్టాం: ఒక ఉద్యోగి ఆర్‌పీఎన్ తేవాలి, జీతం లెక్కకట్టాలి, లెక్క టెస్ట్ సర్వర్‌కు పంపాలి, జవాబు చదవాలి, తప్పుంటే దిద్ది మళ్లీ పంపాలి. ఇది అయిందా, కాలేదా, అంతే. బోర్డులో ఈ దారిలో ఉన్న స్టోరీలకు ఎర్ర చుక్క పెట్టాం. అవి 170 పాయింట్లు. మేం చేసిన 100 అదృష్టవశాత్తూ అందులోవే. చుక్క ఉన్న కొత్త స్టోరీ రావాలంటే అంత బరువున్న చుక్క స్టోరీ ఒకటి పోవాలి.

మిగిలిన 70కి సగటు వేగం కాకుండా మా అతి నెమ్మది స్ప్రింటు వేగం, 15, పట్టుకున్నాం. ఐదు స్ప్రింట్లు, అంటే మళ్లీ ఆగస్టు 17. ఇక పట్టీ పక్కన రాసేది రెండే ముక్కలు: చుక్కలెన్ని మిగిలాయి, అంచనా తేదీ ఎంత. దీనికి ఒక లోపముంది. పాయింట్లు మా జట్టు సొంత కొలత. పక్క జట్టు పట్టీలో కలిపితే అర్థం పోతుంది. సర్వర్ మార్పులు చూసే జట్టును తేదీ మాత్రమే అడిగాం.

పేస్లిప్ మీద లోగో మార్చుకునే సదుపాయం జనవరిలోనూ బోర్డు మీదే ఉంది, చుక్క లేకుండా.