అద్దాలకు లొంగని చూపు గట్టి లెన్సుకు ఎలా లొంగుతుంది?

కెరటోకోనస్ ఉన్నవాళ్లు డాక్టరు దగ్గర తరచూ చెప్పే మాట: "అద్దాలు మార్చినా అక్షరం పక్కన నీడ పోవడం లేదండీ. రాత్రి బండి నడిపితే ఎదురొచ్చే లైట్లకు తోకలు కనిపిస్తున్నాయి." పవర్ తప్పు రాశారేమోనని చాలామంది షాపులు మారుస్తారు. పవర్ సరిగ్గానే ఉన్నా ఆ నీడ పోదు.

ఎందుకు? కంటి ముందు భాగంలో నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర కార్నియా. కెరటోకోనస్‌లో అది పల్చబడి, సాధారణంగా మధ్యకు కాస్త దిగువన, శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. సిలిండర్ పవర్ ఒకదానికొకటి లంబంగా ఉండే రెండు దిశల మధ్య వంపు తేడాను మాత్రమే సరిచేస్తుంది. ఇక్కడేమో ఒకే దిశలో పైసగం చదునుగా, కిందిసగం నిటారుగా ఉంటుంది. యాక్సిస్‌ను ఎటు తిప్పినా కొంత వెలుతురు పక్కకు పడుతుంది. ఆ నీడ అదే. సన్నటి రంధ్రంలోంచి చూసినప్పుడు చార్టు మీద ఇంకొన్ని వరుసలు చదవగలిగితే, లోపం ప్రధానంగా వెలుతురు వంగే చోటే ఉందని డాక్టరుకు తెలుస్తుంది.

మరి సాఫ్ట్ లెన్సు పెట్టుకుంటే? అది మెత్తనిది కనుక కార్నియా ఎలా ఉంటే అలా ఒదిగిపోతుంది. కింది బుడిపె లెన్సు పైముఖం మీదా తేలుతుంది. కెరటోకోనస్ కోసం మందంగా చేసిన సాఫ్ట్ లెన్సులు ఉన్నాయి. తొలిదశలో కొందరికి అవి పనికొస్తాయి గానీ, మందం పెరిగేకొద్దీ కార్నియాకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది.

మన షాపుల్లో 'సెమీ సాఫ్ట్' అనే ఆర్‌జీపీ లెన్సు నిజానికి గట్టిదే, గాలిని మాత్రం లోపలికి పోనిస్తుంది. అది తన ఆకారం వదలదు. లెన్సుకూ కార్నియాకూ మధ్య మిగిలిన సందుల్లో కన్నీరు చేరుతుంది, ఎగుడుదిగుడు గోడకు లప్పం పట్టినట్టు. ఇందులో అసలు కిటుకు వక్రీభవన గుణకంలో ఉంది. గాలిది 1, కార్నియాది 1.376, కన్నీటిది 1.336. గాలి నుంచి నేరుగా కార్నియాలోకి వెళ్లేటప్పుడు తేడా 0.376. కన్నీటి నుంచి వెళ్తే 0.040 మాత్రమే. అంటే కార్నియా ముందు వైపు వంకర చూపును పాడుచేసే శక్తి దాదాపు పదో వంతుకు పడిపోతుంది. వెలుతురుకు ఇప్పుడు ఎదురయ్యేది లెన్సు నునుపైన పైముఖం. కార్నియా వెనక వైపు వంకర మాత్రం అలాగే ఉంటుంది, మచ్చ ఉంటే అదీ పోదు. అందుకే కొందరికి 6/6 రాక 6/9 దగ్గర ఆగుతుంది.

ఎలా అమరుస్తారో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇరవై రెండేళ్ల విద్యార్థి అనుకోండి. అద్దాలతో చూపు 6/18. కార్నియా వంపు ఒక దిశలో 48, ఇంకో దిశలో 52 డయాప్టర్లు (మామూలు కంటికి 43, 44 ఉంటుంది). సగటు 50. 337.5ని దానితో భాగిస్తే 6.75 మిల్లీమీటర్లు. ఆ వ్యాసార్థమున్న ట్రయల్ లెన్సు పెట్టి, కళ్ల నీళ్లు తగ్గేదాకా ఇరవై, ముప్పై నిమిషాలు ఆగుతారు. తర్వాత ఫ్లోరెసిన్ రంగు అద్ది నీలి వెలుతురులో చూస్తారు. కన్నీరు మందంగా ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది, లెన్సు ఆనినచోట నల్లగా ఉంటుంది. ఈ కంటిలో మధ్యన పెద్ద నల్లమచ్చ కనిపించింది, కింది అంచు లేచి ఉంది. లెన్సు చదును ఎక్కువైందన్నమాట. 6.60 పెడితే నల్లమచ్చ పల్చని తాకిడిగా మారింది, అంచు చుట్టూ సన్నటి ఆకుపచ్చ వలయం వచ్చింది, రెప్ప వేసినప్పుడల్లా లెన్సు మిల్లీమీటరు మేర కదులుతోంది. చూపు 6/9. ఇంకా నిటారు లెన్సు పెట్టి ఉంటే మధ్యన ఆకుపచ్చ మడుగు, ఒక్కోసారి గాలిబుడగ కనిపించేవి. సరిపోయిన లెన్సు మీద మిగిలిన పవర్ చూసి ఆర్డరిస్తారు.

ఇక్కడ ఒక ఆకర్షణ ఉంది, జాగ్రత్తపడాలి. చదును లెన్సు శంకువును నొక్కుతుంది కనుక ఒక్కోసారి చూపు ఇంకా స్పష్టంగా అనిపిస్తుంది. కానీ ఆ రాపిడి రోజూ శిఖరం మీదే పడి, చివరకు మచ్చ కట్టవచ్చు. చూపు బాగుందన్న ఒక్క కారణంతో లెన్సును ఒప్పుకోకూడదు, ఆ ఆకుపచ్చ, నలుపుల పటం కూడా సరిగ్గా ఉండాలి.

మొదట్లో రెప్పకు అంచు గుచ్చుకుంటుంది. రోజుకు కొన్ని గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటే రెండు మూడు వారాల్లో చాలామందికి అలవాటవుతుంది. దుమ్ములో బండి నడిపేవాళ్లకు లెన్సు కింద నలక చేరి మంట పుడుతుంది, కంటిని కప్పే అద్దాలు తప్పవు. గుచ్చుకోవడం భరించలేని వాళ్లకు కింద పల్చని సాఫ్ట్ లెన్సు వేసి పైన గట్టిది పెడతారు, లేదా కార్నియాను తాకకుండా తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద స్క్లెరల్ లెన్సు ఇస్తారు. ఏ లెన్సునైనా కుళాయి నీళ్లతో కడగకూడదు. అందులోని అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాను తినేయగలదు.

ఇంకొకటి, చూపు తేటపడిందని జబ్బు ఆగిందనుకోవద్దు. లెన్సు శంకువు పెరుగుదలను ఆపదు. శంకువు పెరుగుతున్న కంటికి, ఆ పెరుగుదలను ఆపే క్రాస్‌లింకింగ్ అవసరమా అన్నది కార్నియా పటం చూసి తేలుస్తారు. ఆ పటం తీసే స్కానింగ్‌కు వెళ్లేముందు ఎన్నాళ్లు లెన్సు మానాలో డాక్టరును అడగండి. గట్టి లెన్సు కార్నియా ఆకారాన్ని తాత్కాలికంగా మార్చుతుంది కనుక సాధారణంగా కొన్ని వారాలు ఆపమంటారు. నిన్నటిదాకా పెట్టుకుని వెళ్తే పటంలో శంకువు ఉన్నదానికన్నా చదునుగా కనిపించి, పెరుగుదల కంటపడకుండా పోవచ్చు.