కాల్ అమ్మితే షేర్లకు కాపుదల వచ్చినట్టేనా?

2009 జనవరి 7. లెక్కల్లో ఏళ్ల తరబడి తప్పులు రాశామని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. ముందురోజు 179 రూపాయల దగ్గర ముగిసిన షేరు సాయంత్రానికి 40 లోపుకు పడిపోయింది. హైదరాబాద్ కంపెనీ కావడంతో ఆ షేర్లు దాచుకున్న తెలుగు కుటుంబాలు ఎన్నో. అప్పటికే సత్యం షేరు మీద ఆప్షన్ల వ్యాపారం జరుగుతోంది. గడువు తీరని పుట్ ఒకటి 160 రూపాయల ధరకు చేతిలో ఉన్నవారికి, మార్కెట్ ఎంతకు దిగినా 160కే అమ్ముకునే హక్కు ఉండేది. కాల్ అమ్మి ఊరుకున్నవారికి మిగిలేది చేతికొచ్చిన ప్రీమియం మాత్రమే.

ఈ రెండింటి తేడా తెలియాలంటే ఆప్షన్ అంటే ఏమిటో ముందు చూడాలి. స్థలానికి బయానా ఇచ్చి, ఫలానా తేదీలోగా ఫలానా ధరకు కొనుక్కునే హక్కు పొందినట్టే కాల్ ఆప్షన్ కూడా. ధర పెరిగితే హక్కు వాడుకుంటారు, పెరగకపోతే వదిలేస్తారు. అయితే ఇక్కడ ఇచ్చిన ప్రీమియం తర్వాత ధరలో కలవదు, తిరిగి రాదు. పుట్ దీనికి తలకిందులు: అది అమ్ముకునే హక్కు. ఒప్పందంలో రాసుకున్న ధరను స్ట్రైక్ ధర అంటారు. హక్కు కొన్నవారిదే, అమ్మినవారిది మాట నిలబెట్టుకోవాల్సిన బాధ్యత. ఎన్‌ఎస్‌ఈలో విడి షేర్ల ఆప్షన్లు 2001లో మొదలయ్యాయి. 2025 సెప్టెంబరు నుంచి వాటి గడువు నెలలో చివరి మంగళవారం తీరుతోంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకరి డీమ్యాట్‌లో వెయ్యి రూపాయల షేర్లు 500 ఉన్నాయి, మొత్తం విలువ 5 లక్షలు. ఆ షేరు ఆప్షన్ లాట్ కూడా 500 అనుకుందాం. ఆయన 1,050 స్ట్రైక్ కాల్‌ను షేరుకు 16 రూపాయల చొప్పున అమ్మితే వెంటనే 8,000 వస్తాయి. షేర్లు తన దగ్గరే ఉన్నాయి కనుక ఇది కవర్డ్ కాల్. గడువు రోజున ధర 1,030 ఉంటే కాల్‌ను ఎవరూ వాడుకోరు, షేర్లూ డబ్బూ ఆయనవే. ధర 1,150కి ఎగిరితే షేర్లను 1,050కే ఇచ్చేయాలి. ప్రీమియం కలుపుకున్నా షేరుకు 84 రూపాయల లెక్కన 42,000 లాభం చేజారుతుంది. ధర 800కు పడితే? లక్ష నష్టంలో 8,000 తగ్గి, 92,000 మిగులుతుంది. దీన్ని రక్షణ అనడం మదుపరిని మోసం చేయడమే. ధర పెద్దగా కదలదని నమ్మేవారికి ఇది అదనపు ఆదాయం, అంతే.

అదే ఆయన 950 స్ట్రైక్ పుట్‌ను షేరుకు 14 చొప్పున 7,000 పెట్టి కొన్నారనుకోండి. ధర 800కు పడినా 950కి అమ్ముకోవచ్చు. నష్టం ప్రీమియంతో కలిపి 32,000 దగ్గర ఆగిపోతుంది. ధర 1,150కి వెళితే ప్రీమియం పోను 68,000 లాభం దక్కుతుంది. ఇదే ప్రొటెక్టివ్ పుట్.

చిక్కల్లా ఖర్చుతోనే. నెలనెలా 7,000 అంటే ఏడాదికి 84,000, షేర్ల విలువలో దాదాపు 17 శాతం. మంచి షేరు కూడా ఏటా అంత పెరుగుతుందన్న భరోసా లేదు. అందుకే పుట్‌ను ఏడాది పొడవునా మోయడం కంటే, ఇల్లు కొనడానికో పిల్లల చదువుకో రెండు నెలల్లో షేర్లు అమ్మాల్సినప్పుడు ఆ కొద్దికాలానికి కొనడం సబబు. అదీ భయం వ్యాపించకముందే కొనాలి. 2008 డిసెంబరు 16న మైటాస్ కంపెనీలను కొంటామని సత్యం ప్రకటించి వెనక్కి తగ్గిన మర్నాడే షేరు కుప్పకూలింది. అలాంటి కుదుపు తర్వాత పుట్ ప్రీమియాలు మామూలు రోజుల్లో ఉన్నట్టు ఉండవు. ఫలితాల ప్రకటనకు ముందు కూడా ఇదే జరుగుతుంది.

ప్రీమియం భారంగా తోస్తే రెండూ కలపవచ్చు. పై లెక్కలోనే కాల్ అమ్మిన 8,000తో 7,000 పుట్ కొంటే చేతిలో వెయ్యి మిగులుతుంది. ధర 950 కంటే దిగినా, 1,050 దాటి ఎగిరినా ఆయనకు ఒక్కటే. దీన్ని కాలర్ అంటారు.

మన మార్కెట్‌లో కొన్ని నిబంధనలు మరిచిపోకూడదు. షేర్లు చేతిలో ఉన్నా కాల్ అమ్మేవారు మార్జిన్ కట్టాలి. దానికోసం ఆ షేర్లనే తనఖా పెట్టవచ్చు. 2019 అక్టోబరు నుంచి షేర్ల ఆప్షన్లన్నిటికీ గడువులో డబ్బు తేడాతో కాదు, షేర్ల బదిలీతోనే పరిష్కారం. తనఖాలో ఉన్న షేర్లను వేళకు విడిపించుకోకపోతే ఇవ్వాల్సిన చోట ఇవ్వలేక జరిమానా పాలవుతారు. గడువుకు ముందే ఆప్షన్‌ను తిరిగి కొనో, అమ్మో బయటపడటం చాలామందికి సులువు. స్ట్రైక్ ఎంచుకునేటప్పుడు కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఎంత ఎడం ఉందో చూడాలి. కొనేవారూ అమ్మేవారూ పలుచగా ఉన్నచోట ఆ ఎడమే ప్రీమియంలో పెద్ద వాటా తినేస్తుంది.

అన్నిటికంటే పెద్ద పరిమితి లాట్. 500 లాట్ ఉన్నచోట 120 షేర్లే ఉన్న మదుపరి కాల్ అమ్మితే, మిగతా 380 షేర్లకు కవర్ ఉండదు, ధర ఎగిరితే నష్టానికి హద్దూ ఉండదు. అలాంటివారు ఆప్షన్ల జోలికి పోకుండా, నిద్ర పట్టనివ్వని మేరకు కొన్ని షేర్లు అమ్మేసుకోవడమే మేలు.