నిందలోంచి ప్రశ్నను ఏరుకోవడం

మా అపార్ట్‌మెంట్‌లో 48 ఫ్లాట్లు. రెండేళ్ల పాటు నేను ట్రెజరర్‌గా ఉన్నాను. ఒక వేసవిలో రెండు బోర్లూ ఎండిపోయి, ఏప్రిల్ నెలంతా ట్యాంకర్ల మీదే బతికాం. మెయింటెనెన్స్‌కి తోడు ఫ్లాటుకి 1,150 రూపాయలు అదనంగా వసూలు చేశాం. మే 9 రాత్రి పదిన్నర దాటాక మూడో అంతస్తు పెద్దాయన నుంచి మెయిల్ వచ్చింది. నాకొక్కదానికే కాదు, 48 ఫ్లాట్లకూ పంపారు. సబ్జెక్టు: ట్యాంకర్ల దోపిడీ.

“ట్యాంకర్ల పేరు చెప్పి ఫ్లాటుకి 1,150 గుంజారు. రోజుకి రెండు గంటలు కూడా నీళ్లు రాలేదు. అన్ని ట్యాంకర్లు వస్తే నీళ్లు ఎక్కడికి పోయినట్టు? మూడో తారీఖున నేను పెట్టిన మెసేజ్‌కి ఇప్పటికీ జవాబు లేదు. మా డబ్బుతో ఎవరి జేబులు నిండుతున్నాయో అందరికీ తెలుసు. చేతకాకపోతే దిగిపోండి. ఈ నెల మెయింటెనెన్స్ నేను కట్టను.”

చదవగానే ఒళ్లు మండింది. జీతం లేని పని అది. ఆఫీసు నుంచి వచ్చి రాత్రిళ్లు బిల్లులు ఎక్కించేదాన్ని. వెంటనే జవాబు మొదలుపెట్టాను కూడా. “మీ మాటతీరు చాలా బాధ కలిగించింది” అన్నది నా మొదటి వాక్యం. రెండో వాక్యంలో ఆయన అంతకుముందు రెండు నెలల మెయింటెనెన్స్ బాకీ ఉన్న సంగతి రాశాను. అదృష్టం బాగుండి పంపలేదు. పొద్దున్నే ఆ చిత్తు ప్రతిని మా సెక్రటరీ గారికి చూపించాను. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. కళ్లజోడు సర్దుకుని చదివి, “అమ్మా, ఆయన ఏం అడిగారో అది ఇందులో ఎక్కడుంది?” అన్నారు. నిజంగానే ఎక్కడా లేదు.

అప్పుడు ఇద్దరం కూర్చుని ఆయన మెయిల్‌ని కాగితం మీద వాక్యం వాక్యంగా విడదీశాం. ఏ వాక్యానికైనా రిజిస్టరో, బిల్లో, తేదీయో చూసి జవాబు చెప్పగలిగితే అది ఉంచాం. చెప్పలేకపోతే కొట్టేశాం. “చేతకాకపోతే దిగిపోండి” కొట్టేశాం. “గుంజారు” అన్న మాట పోయి 1,150 అన్న అంకె మిగిలింది. రెండు గంటల నీళ్ల సంగతి మిగిలింది. మూడో తారీఖు మెసేజ్ మిగిలింది.

“ఎవరి జేబులు నిండుతున్నాయో” అన్న దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. ఈ రకం మెయిళ్లలో కష్టమైన చోటు ఇదే. అది ఒట్టి తిట్టు కాదు, ఆరోపణ. దాన్ని మర్యాద తప్పిన మాటగా తీసుకుని వదిలేస్తే, మిగతా 47 ఇళ్ల వాళ్లకి జవాబు ఎగ్గొట్టినట్టు కనిపిస్తుంది. నా నిజాయితీ గురించి రాస్తే, నిజాయితీ మీద చర్చ మొదలవుతుంది. దానికి రుజువంటూ ఏమీ ఉండదు కాబట్టి అది ఎప్పటికీ తెగదు. ఆరోపణను ప్రశ్నగా మార్చి చూస్తే దారి దొరుకుతుంది. “ఎవరు తిన్నారు” అన్నదాని అడుగున “డబ్బు ఎవరికి, ఎంత, ఎప్పుడు వెళ్లింది” అన్న ప్రశ్న ఉంది. దానికి బిల్లులూ బ్యాంకు స్టేట్‌మెంటూ జవాబు చెబుతాయి. నేను నా గురించి ఒక్క మాట కూడా చెప్పుకోనక్కర్లేదు.

లెక్క తీయడానికి ఒక పూట పడుతుంది. అప్పటిదాకా ఊరుకుంటే, జవాబు రాలేదన్న ఆయన ఫిర్యాదుని మేమే నిజం చేసినట్టవుతుంది. అందుకని ఉదయం రెండు వాక్యాలు పంపాను: “మీ మెయిల్ అందిందండీ. గేటు రిజిస్టర్, బిల్లులు సరిచూసి రేపు సాయంత్రం ఆరులోగా లెక్క పంపుతాను.”

తర్వాత రిజిస్టర్ ముందేసుకున్నాం. నా లెక్కలో 46 ట్యాంకర్లు ఉన్నాయి. ఒక్కోటి 10,000 లీటర్లు, 1,200 రూపాయలు. మొత్తం 55,200. దాన్ని 48తో భాగిస్తే 1,150. వాచ్‌మన్ గేటు దగ్గర రాసుకున్న పుస్తకంలో మాత్రం 44 ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టినా 44 దగ్గరే ఆగింది. చివరికి దొరికింది. ఏప్రిల్ 12న వచ్చిన రెండు ట్యాంకర్ల బిల్లు కాగితం మీద ఒకసారి, వాట్సాప్ ఫొటోగా మరోసారి నాకు చేరింది. రెండూ ఎక్కించి, రెండిటికీ డబ్బు కట్టాను. 2,400 రూపాయలు ఎక్కువ పోయింది.

ముందు రాత్రి ఆ కోపపు జవాబు పంపి ఉంటే, “మా లెక్కల్లో పైసా తేడా లేదు” అని అందరి ముందూ రాసి ఉండేదాన్ని. ఆ వాక్యం నా చిత్తు ప్రతిలో ఉంది కూడా. తిడుతూ రాసినవాళ్లకి పూర్తి వివరం తెలియకపోవచ్చు కానీ, ఎక్కడో ఏదో తేడా ఉందని వాళ్లకి తెలిసే అవకాశం ఉంది. కాబట్టి జవాబు రాయడం కన్నా ముందు, ఆ ప్రశ్న మర్యాదగా అడిగితే ఏయే కాగితాలు తీసి చూసేవాళ్లమో అవన్నీ తీసి చూడాలి.

నీళ్ల సంగతి కూడా అంకెల్లోనే తేలింది. 44 ట్యాంకర్లంటే 4,40,000 లీటర్లు. 48 ఫ్లాట్లకి, 30 రోజులకి పంచితే ఇంటికి రోజుకి 305 లీటర్ల చిల్లర. పట్టణ నీటి సరఫరాకి మన దేశంలో వాడే లెక్క మనిషికి రోజుకి 135 లీటర్లు. నలుగురున్న ఇంటికి అది 540. అంటే ఆయనకి నీళ్లు చాలలేదన్నది నిజం. నీళ్లు ఎక్కడికీ పోలేదన్నదీ నిజమే. పొద్దున గంట, సాయంత్రం గంట మాత్రమే వాల్వు తిప్పాలని కమిటీ నిర్ణయించింది. ఆ సంగతి లిఫ్టు పక్కన నోటీసులో పెట్టాం గానీ ఎందుకో రాయలేదు.

మర్నాడు సాయంత్రం పంపిన జవాబు ఇది:

“నమస్కారమండీ. ఏప్రిల్ ట్యాంకర్ల గురించి మీరు 9న అడిగినవాటికి వివరాలు పంపుతున్నాను.

గేటు రిజిస్టర్ ప్రకారం 44 ట్యాంకర్లు వచ్చాయి. వసూలు చేసింది 46కి. 12వ తేదీ బిల్లు రెండుసార్లు ఎక్కింది, అది నా పొరపాటు. ఫ్లాటుకి పడాల్సింది 1,100. ఎక్కువ తీసుకున్న 50 రూపాయలు జూన్ మెయింటెనెన్స్‌లో అందరికీ తగ్గుతుంది. ఎక్కువ చెల్లించిన 2,400ని సరఫరాదారు మే బిల్లులో తగ్గించడానికి ఒప్పుకున్నారు.

వచ్చిన నీళ్లు ఫ్లాటుకి రోజుకి సుమారు 305 లీటర్లు. అది చాలనందువల్లే రోజుకి రెండు గంటలు ఇచ్చాం. మూడో తేదీన మీరు పెట్టిన మెసేజ్‌కి జవాబు ఇవ్వలేదు, క్షమించండి.

బిల్లులు, రిజిస్టర్ పేజీలు, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేశాను. అసలు కాగితాలు ఆదివారం పది నుంచి పన్నెండు వరకు ఆఫీసు గదిలో ఉంటాయి. ఈ నెల మెయింటెనెన్స్ గడువు ఎప్పటిలాగే 15.”

సబ్జెక్టు మార్చి “ఏప్రిల్ ట్యాంకర్ల లెక్క” అని పెట్టాను. అలాగే వదిలేస్తే వచ్చే ప్రతి జవాబు మీదా దోపిడీ అన్న మాట మోగుతూనే ఉంటుంది. జీమెయిల్‌లో సబ్జెక్టు మారిస్తే అది వేరే సంభాషణగా తెరుచుకుంటుంది. అందుకే ఏ మెయిల్‌కి జవాబో మొదటి వాక్యంలోనే తేదీతో చెప్పాను. జవాబు అందరికీ పంపాను, ఎందుకంటే ప్రశ్న అందరి డబ్బు గురించి. ఆయన బాకీ ఆయన ఒక్కరి విషయం కాబట్టి అది రాయలేదు. క్షమాపణ కూడా జరిగిన రెండు తప్పులకే చెప్పాను. జేబులు నింపుకోవడం జరగలేదు, దానికి క్షమాపణా లేదు, ఖండనా లేదు. మెయింటెనెన్స్ కట్టనన్న బెదిరింపుతో వాదించలేదు. గడువు తేదీ చెప్పి ఊరుకున్నాను.

సెక్రటరీ గారు ఆఖరి ప్రతిలో ఒక్క చోట వేలు పెట్టారు. “నోటీసులో ముందే చెప్పినట్టు” అని రాశాను. “దీన్ని లెక్కలో ఏ పద్దు కింద రాయను?” అని అడిగారు. తీసేశాను. గొంతుకి బదులివ్వడమంటే తిరిగి తిట్టడమొక్కటే కాదు. “ముందే చెప్పినట్టు”, “దయచేసి గమనించగలరు”, “మీ ఆవేశం అర్థం చేసుకోగలను” లాంటివన్నీ ఎదుటి మనిషి ప్రవర్తన మీద వ్యాఖ్యలే. అవతలివాళ్లు ముందు వాటినే చదువుతారు, అంకెలు తర్వాత చూస్తారు.

అసలు రాతలో గొంతుని మనం సరిగ్గా వింటున్నామా అన్నది కూడా అనుమానమే. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వాళ్ల సహచరులు ప్రచురించిన పరిశోధనలో, మెయిల్ రాసినవాళ్లు తమ వెటకారాన్ని చదివేవాళ్లు నూటికి 78 సార్లు పట్టుకుంటారని అంచనా వేశారు. తీరా పట్టుకున్నది 56 సార్లు. బొమ్మాబొరుసూ వేసినా యాభై వస్తుంది కదా. మన ఆఫీసుల్లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాస్తాం. “ఇంకా ఎందుకు పంపలేదండీ” అన్నది ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఆ “అండీ” రాలిపోయి, నిలదీత ఒక్కటే మిగులుతుంది. గారూ అండీ లేని ఆ వాక్యాన్ని మళ్లీ మనం తెలుగు చెవితోనే విని గాయపడతాం.

ఈ పద్ధతి పనికిరాని చోట్లున్నాయి. చంపుతాననో, ఇంటికొచ్చి చూసుకుంటాననో రాస్తే అది గొంతు కాదు, అదే విషయం. కులం పేరుతో దూషించినా, ఆడవాళ్ల గురించి నీచంగా రాసినా అంతే. ఆ మెయిల్ చెరపకుండా దాచి ఫిర్యాదు చేయాలి. లెక్క సంగతి అందులో ఉంటే దానికి వేరుగా జవాబివ్వాలి. ఇంకొన్ని మెయిళ్లలో కొట్టేయాల్సినవి కొట్టేశాక ఏమీ మిగలదు. అప్పుడు “ఏ నెల, ఏ ఖర్చు గురించో చెబితే వివరాలు పంపుతాను” అన్న ఒక్క వాక్యం చాలు. అదే ప్రశ్న మూడోసారి వస్తే పాత జవాబు తేదీ చెప్పి, అక్కడితో ఆపేయవచ్చు. ఎదుటివాళ్లు చల్లబడేదాకా రాస్తూ పోవాలనుకుంటే, మళ్లీ వాళ్ల గొంతు వెంటే పడినట్టు.

నేను నేర్చుకున్న చిన్న జాగ్రత్త ఒకటుంది. కోపంగా ఉన్నప్పుడు మెయిల్ పెట్టెలో జవాబు రాయను. రిప్లై నొక్కగానే చిరునామాలు వాటంతటవే ఎక్కేస్తాయి. పంపింది వెనక్కి తీసుకునేందుకు జీమెయిల్ ఇచ్చే గడువు ఎంత పెంచుకున్నా 30 సెకన్లే. వేరే కాగితం మీద రాసుకుంటాను.

పెద్దాయన మెయిల్‌కి బదులివ్వలేదు. ఆదివారం పదింటికి ఆఫీసు గదికి వచ్చారు. సొంత పెన్ను తెచ్చుకున్నారు. 40 నిమిషాలు ఒక్కో బిల్లూ రిజిస్టర్‌తో టిక్కు పెట్టుకుంటూ చూశారు. లేచేటప్పుడు, “బిల్లుల మీద బండి నెంబరు లేదేంటమ్మా? అదుంటే ఈ రెండుసార్లు ఎక్కడం జరగదుగా” అన్నారు. జేబుల సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ మర్నాటి నుంచి వాచ్‌మన్ పుస్తకంలో బండి నెంబరుకి ఒక గడి గీశాం.