దెబ్బ మారదు, నడక మారుతుంది

తని ఆవర్తనంలో మృదంగ విద్వాంసుడు కాసేపు తకధిమి తకధిమి అని నడిపించి, ఉన్నట్టుండి తకిట తకిటలోకి దిగుతాడు. ముందు వరుసలో కూర్చుని తొడమీద తాళం వేస్తున్నవాళ్ల చెయ్యి వేగం మాత్రం మారదు. మారింది రెండు దెబ్బల మధ్య ఉన్న జాగా. అంతదాకా నాలుగు సమభాగాలుగా ఉన్నది ఇప్పుడు మూడు భాగాలైంది.

కర్ణాటక సంగీతంలో ఇలాంటి విభజనలు అయిదు. తిశ్రం మూడు, చతురశ్రం నాలుగు, ఖండం అయిదు, మిశ్రం ఏడు, సంకీర్ణం తొమ్మిది. నోటితో వీటిని తకిట, తకధిమి, తకతకిట, తకిటతకధిమి, తకధిమితకతకిట అని పలుకుతారు. రెండూ మూడూ కలిస్తే ఖండం, మూడూ నాలుగూ కలిస్తే మిశ్రం, నాలుగూ అయిదూ కలిస్తే సంకీర్ణం.

ఈ పేర్లే తాళంలో రెండు చోట్ల పనిచేస్తాయి. నేర్చుకునేవాళ్లు తికమకపడేది అక్కడే. జాతి అన్నప్పుడు అవి లఘువు పొడవును చెబుతాయి. అంటే ఒక దెబ్బ వేశాక ఎన్ని వేళ్లు లెక్కపెట్టాలన్నది. పచ్చిమిరియం ఆదియప్పయ్య భైరవి వర్ణం ‘విరిబోణి’ ఖండజాతి అట తాళంలో ఉంది. అందులో లఘువుకు అయిదు అక్షరాలు. రెండు లఘువులు, రెండు ద్రుతాలు కలిపి పద్నాలుగు. ఇక్కడ ‘ఖండ’ చేతి లెక్కకే సంబంధించింది. ఒక్కో అక్షరం లోపల మామూలుగా నాలుగేసి మాత్రలే నడుస్తాయి. ఆ లోపలి విభజన పేరు గతి. ఏడు తాళాలకు అయిదేసి జాతులు చేరితే ముప్పై అయిదు, వాటికి మళ్లీ అయిదేసి గతులు చేరితే నూట డెబ్బై అయిదు అని పుస్తకాల్లో కనిపించే లెక్క ఇలా వచ్చిందే.

గతి ఏం చేస్తుందో తెలియాలంటే ఆది తాళ వర్ణాన్ని తిశ్రంలో పాడి చూడాలి. రామనాథపురం శ్రీనివాస అయ్యంగార్ రాసిన మోహన వర్ణం ‘నిన్ను కోరి’ చాలామందికి వచ్చినదే. దాని పల్లవి రెండు ఆవర్తాలు. ఆవర్తానికి ఎనిమిది అక్షరాలు, అక్షరానికి నాలుగు మాత్రలు, మొత్తం అరవై నాలుగు మాత్రలు. చెయ్యి వేగం మార్చకుండా అక్షరానికి మూడేసి చొప్పున ఈ అరవై నాలుగునూ పాడితే ఇరవై ఒక్క అక్షరాలు పూర్తిగా నిండి, ఒక్క మాత్ర మిగులుతుంది. అది ఇరవై రెండో అక్షరంలో పడుతుంది. అంటే మూడో ఆవర్తంలో మొదటి ద్రుతం విసురులో పల్లవి ముగిసి, ఆ విసురులోనే రెండో మాత్రకు మళ్లీ ఎత్తుకోవాలి. రెండోసారి పాడటం అయ్యేసరికి ఆరో ఆవర్తంలో ఉంగరం వేలి దగ్గర ఉంటాం. మూడోసారి ఎత్తుగడ ఆ వేలి మీద మూడో మాత్రకు వస్తుంది. ఆ మూడోసారి పూర్తవుతూనే ఎనిమిది ఆవర్తాలూ సరిగ్గా నిండి, తర్వాతి దెబ్బ సమం మీద పడుతుంది.

ఆ ఎనిమిది ఆవర్తాల్లోనే చతురశ్రంలో పల్లవిని నాలుగుసార్లు పాడవచ్చు. ఖండ గతిలో అయితే అయిదుసార్లు పడుతుంది. చేతి కింద పరుచుకున్న కాలం ఒక్కటే, అందులో పట్టే పాట వేరు.

సాధనలో తేడా ఎక్కడ వస్తుంది? చతురశ్రానికి అలవాటుపడిన గొంతు తకిటలోని ‘ట’ను తెలియకుండానే సాగదీస్తుంది. అప్పుడది మూడు పలుకుల తిశ్రం కాదు, చివరి మాత్ర ఖాళీగా వదిలేసిన చతురశ్రం. ఖండంలో ‘తక’ కాస్త బరువై ‘తకిట’ తొందరపడుతుంది. అయిదు మాత్రలూ సమంగా ఉండవు. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది, చెయ్యి గొంతు వెంట పోవడం. స్వరాల వేగం పాతదే ఉంచాలని చూస్తే, మాత్రలు తగ్గిన తిశ్రంలో దెబ్బలు దగ్గర పడతాయి, మాత్రలు పెరిగిన ఖండంలో దూరమవుతాయి. పాడేవారికి ఇది తెలియదు, వినేవారికి వెంటనే తెలుస్తుంది. తాళం మరొకరి చేత వేయించుకోవడమో, మెట్రోనోమ్ పెట్టుకోవడమో చేస్తే చాలు, పది దెబ్బల్లోనే తప్పు బయటపడుతుంది.

అందుకే గురువులు వర్ణం జోలికి పోకముందే ఒక్క సరళీ వరుసను పట్టుకుని, చెయ్యి ఆపకుండా చతురశ్రం, తిశ్రం, మళ్లీ చతురశ్రం అని మార్చి మార్చి పాడిస్తారు. తిశ్రం నుంచి వెనక్కి వచ్చినప్పుడు వేగం మొదట్లో ఉన్నంతే ఉందా లేదా అన్నదే వాళ్లు చూసేది. ఖండం దాని తర్వాత వస్తుంది. మిశ్రంలో ఒక్కో అక్షరంలో ఏడు పలుకులు ఇమడాలి కాబట్టి తాళాన్ని బాగా విలంబంలో పెట్టుకుని మొదలుపెడతారు. తొమ్మిది పలుకుల సంకీర్ణానికి అంతకన్నా నిదానం కావాలి.