ఫ్రెంచిలో కాలం లెక్క: దెపుయి, పాఁదాఁ, ఇల్ యా, దాఁ

ఫ్రెంచిలో ఒక పని ఎంతకాలంగా సాగుతోందో, ఎంతకాలం సాగిందో, ఎప్పుడు జరిగిందో, ఎప్పుడు జరగబోతోందో చెప్పడానికి నాలుగు మాటలున్నాయి. అవి దెపుయి, పాఁదాఁ, ఇల్ యా, దాఁ. అరసున్న ఉన్నచోట అచ్చును ముక్కుతో పలకాలి. నాలుగింటి తరవాతా ‘మూడేళ్లు’, ‘రెండు గంటలు’ వంటి మాటలే వస్తాయి కాబట్టి కొత్తగా నేర్చుకునేవారు ఒకదానికి బదులు మరొకటి వాడేస్తుంటారు. మాట ఎంపిక గడిచిన కాలం పొడవును బట్టి ఉండదు. మాట్లాడుతున్న క్షణానికి ఆ పనితో ఉన్న సంబంధాన్ని బట్టి ఉంటుంది.

సుజాత అనే అమ్మాయి సంగతి తీసుకుందాం. ఆమె హైదరాబాదులో రెండేళ్లు ఉద్యోగం చేసి, మూడేళ్ల కిందట చదువుకోసం ఫ్రాన్సులోని లియోఁ నగరానికి వెళ్లింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఇంకో ఆరు నెలల్లో తిరిగి వస్తుంది. ఈ చిన్న కథ చెప్పడానికి నాలుగు మాటలూ కావాలి.

ముందుగా ఆమె లియోఁలో ఉండటం. ‘ఎల్ అబీత్ అ లియోఁ దెపుయి త్రువాజాఁ’ అంటే ఆమె మూడేళ్లుగా లియోఁలో ఉంటోంది. ఇందులో ‘అబీత్’ వర్తమాన కాల క్రియ. మూడేళ్ల కిందట మొదలైనా ఇంకా సాగుతున్న పని కాబట్టి ఫ్రెంచి దాన్ని వర్తమానంలోనే చెబుతుంది. తెలుగూ అంతే: ‘మూడేళ్లుగా ఉంటోంది’ అంటాం గానీ ‘మూడేళ్లుగా ఉంది, అయిపోయింది’ అన్న అర్థం రానివ్వం. తెలుగువారికి ఇక్కడ అసలు చిక్కే రాకూడదు. అయినా వస్తుంది, ఎందుకంటే మనలో చాలామంది ఫ్రెంచిని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటారు. ఇంగ్లీషులో ఇలాంటి వాక్యానికి ‘హ్యావ్’ తగిలించిన క్రియ వాడతారు. దాన్ని మాటకు మాటగా ఫ్రెంచిలోకి మారిస్తే పాసే కోఁపోజే అనే భూతకాల రూపం వచ్చిపడుతుంది, వాక్యం తప్పుతుంది. ఇంగ్లీషును పక్కనబెట్టి నేరుగా తెలుగు వాక్యం నుంచి వెళ్లడమే ఇక్కడ దగ్గరి దారి.

దెపుయికి మరో సౌకర్యం ఉంది. దాని తరవాత కాలం పొడవైనా పెట్టవచ్చు, మొదలైన తేదీ అయినా పెట్టవచ్చు. ఇంగ్లీషులో ఈ రెండింటికీ వేరువేరు మాటలున్నాయి. తెలుగు ‘నుంచి’ మాత్రం ‘మూడేళ్ల నుంచి’, ‘1954 నుంచి’ రెండింటికీ సరిపోతుంది. దెపుయి అచ్చంగా అలాంటిదే. గోదావరి తీరంలోని యానాంలో ఫ్రెంచి పాలన 1954లో ముగిసింది. ఆ ఊరు అప్పటినుంచి భారతదేశంలో భాగమని చెప్పాలంటే ‘యనాఓఁ ఫె పార్తి ద లేఁద్ దెపుయి 1954’ అంటారు. ‘ఫె’ ఇక్కడా వర్తమానమే.

దెపుయితో భూతకాలం అసలు రాదని కాదు. జరగని పని గురించి చెప్పేటప్పుడు పాసే కోఁపోజే వస్తుంది: ‘జ నే పా వ్యు సుజాత దెపుయి త్రువా మువా’, అంటే మూడు నెలలుగా సుజాతను చూడలేదు. ఇక్కడా తెలుగు తోడుంది, ‘చూడలేదు’ అనే కదా మనమూ అనేది. ఇక గతంలో ఒక క్షణానికి ఇంకా సాగుతున్న పనికి ఏఁపర్ఫే అనే రూపం వాడతారు. ‘తమ్ముడు వచ్చేనాటికి ఆమె రెండేళ్లుగా లియోఁలో ఉంటోంది’ అనే వాక్యంలో ‘ఎల్ అబితె అ లియోఁ దెపుయి దోజాఁ’ వస్తుంది. లెక్క మారలేదు, చూసే చోటు ఇప్పటి నుంచి అప్పటికి జరిగిందంతే.

పాఁదాఁ ముగిసిన పనికి సరిపోతుంది. సుజాత హైదరాబాదులో ఉద్యోగం చేయడం అయిపోయింది కాబట్టి ‘ఎల్ అ త్రవయే అ హైదరాబాద్ పాఁదాఁ దోజాఁ’. క్రియ పాసే కోఁపోజేలో ఉంది, రెండేళ్లకు మొదలూ చివరా రెండూ తెలుసు. ‘జే అబితే అ లియోఁ పాఁదాఁ త్రువాజాఁ’ అని ఎవరైనా అంటే ఇప్పుడు వారు లియోఁలో లేరని వినేవారు అర్థం చేసుకుంటారు. లియోఁలోనే ఉంటూ ఇలా అంటే, ఊరు ఎప్పుడు వదిలారని అడిగినా ఆశ్చర్యపోనక్కరలేదు. దెపుయి, పాఁదాఁల తేడా తెలిసేది ఇక్కడే. ముగిసిన పనే కానక్కరలేదు, రాబోయే పనికి హద్దులు గీయడానికీ పాఁదాఁ వాడవచ్చు. వెళ్లబోయే చోట ఎన్నాళ్లుండాలని అనుకుంటున్నారో చెప్పడానికి మాత్రం ‘పూర్’ అనే మరో మాట వాడతారు: ‘జ పార్ పూర్ దో స్మెన్’, రెండు వారాలకని వెళ్తున్నాను.

ఇల్ యా ఒక సంఘటనను వెనక్కి చూపిస్తుంది. ‘ఎల్ ఎ అరివే అ లియోఁ ఇల్ యా త్రువాజాఁ’, ఆమె మూడేళ్ల కిందట లియోఁకు వచ్చింది. వచ్చి చేరడం ఒక్క క్షణంలో ముగిసే పని, సాగేది కాదు. అందుకే దెపుయి ఇక్కడ ఇమడదు. ‘కిందట’ అనగలిగిన ప్రతిచోటా ఇల్ యా సరిపోతుంది. దాని తరవాత కాలం పొడవే రావాలి, సంవత్సరం అంకె రాదు. 2021లో వచ్చిందని చెప్పాలంటే ‘ఆఁ 2021’ అనాలి. ‘ఉంది, ఉన్నాయి’ అనడానికి కూడా ఫ్రెంచిలో ఇల్ యానే వాడతారు గనుక వాక్యం మొత్తం విన్నాకే అర్థం తేల్చుకోవాలి. ‘క’ తోడై ‘ఇల్ యా త్రువాజాఁ కెల్ అబీత్ అ లియోఁ’ అని వాక్యం మొదలైతే అది కిందట కాదు. దెపుయి వాక్యానికి మరో రూపం, అందుకే క్రియ వర్తమానంలో ఉంది.

దాఁ ముందుకు చూపిస్తుంది. ‘ఎల్ రాఁత్ర్ దాఁ సీ మువా’, ఆమె ఆరు నెలల్లో తిరిగి వస్తుంది. ఇప్పటినుంచి ఆరు నెలలు లెక్కపెట్టి, ఆ చివరన పని జరుగుతుందని అర్థం. తెలుగు మనల్ని నిజంగా పక్కదారి పట్టించేది ఈ ఒక్కచోటే. ‘గంటలో బయల్దేరుతుంది’ అన్నా, ‘గంటలో పని ముగించింది’ అన్నా మనకు ఒకే ‘లో’. ఫ్రెంచివారు మొదటిదానికి ‘దాఁ యూన్ ఎర్’ అంటారు, రెండోదానికి ‘ఆఁ యూన్ ఎర్’ అంటారు. మొదటిది ఇప్పటినుంచి గంట ఆగాక జరిగేది, రెండోది పనికి పట్టిన కాలం. ఏది కావాలో తేల్చుకోవడానికి ‘లో’ తీసేసి ‘గంట తరవాత’ అని పెట్టి చూడాలి. అర్థం మారకపోతే దాఁ. ‘గంట పట్టింది’ అని మార్చగలిగితే ఆఁ.

ఇల్ యా, దాఁ రెండూ మాట్లాడుతున్న క్షణం నుంచే లెక్కపెడతాయి. పాత కథ చెబుతూ ‘ఆ రోజుకు రెండు రోజుల ముందు’ అనాలంటే ఇల్ యా బదులు ‘దో జూర్ ప్ల్యు తో’ అంటారు. ‘ఆ తరవాత రెండు రోజులకు’ అనాలంటే దాఁ బదులు ‘దో జూర్ ప్ల్యు తార్’ అంటారు.