నానేది అరగంట, ఆరేది నాలుగు గంటలు

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఒక ఫ్లాటు అనుకుందాం. జులై నెల. నర్సరీలో ముచ్చటపడి కొన్న ఎయిర్ ప్లాంట్ హాల్లో గాజు గోళంలో వేలాడుతోంది. వారానికోసారి రాత్రి భోజనాలయ్యాక దాన్ని గిన్నెడు నీళ్ళలో నానబెట్టి, ఒకసారి దులిపి, మళ్ళీ గోళంలో పెట్టేస్తున్నారు. మూడు వారాలు బాగానే ఉంది. నాలుగో వారం రంగు కాస్త తగ్గినట్టు అనిపించి, దాహమేమోనని రెండుసార్లు నానబెట్టారు. మర్నాడు ఎత్తి చూస్తే ఆకులు చేతికి ఊడొచ్చాయి. మొదలు నల్లబడి, మెత్తబడి, వాసన వేస్తోంది.

కొబ్బరి తోటలున్నవాళ్ళకు మొవ్వుకుళ్ళు తెలుసు. పైన మట్టలు పచ్చగానే కనిపిస్తుంటాయి, లోపల మొవ్వు మాత్రం కుళ్ళిపోతుంటుంది. తెగులు వేరైనా, ఎయిర్ ప్లాంట్ చావు కూడా అలాగే ఉంటుంది. ఆ ఇంట్లో నానబెట్టడం తప్పు కాదు, సరిగా ఆరబెట్టకపోవడం తప్పు.

ఈ మొక్కల శాస్త్రీయ నామం టిల్లాండ్సియా. అనాస కుటుంబానికి చెందినవి. పుట్టిల్లు అమెరికా ఖండాలు. అక్కడ చెట్ల కొమ్మల మీద, రాళ్ళ మీద బతుకుతాయి. బదనికలా చెట్టు రసం తాగవు. వేళ్ళు పట్టు కోసమే, నీళ్ళు తాగేది ఆకులు. ఆకు మీద బూడిద చల్లినట్టు కనిపించేది దుమ్ము కాదు. సన్నటి పొలుసులు. వీటినే ట్రైకోమ్‌లు అంటారు. ఎండినప్పుడు అవి రెక్కలు విప్పి వెలుగును వెనక్కి కొడతాయి కాబట్టి ఆకు వెండిరంగులో మెరుస్తుంది. తడి తగలగానే ఆకుకు అతుక్కుని నీటిని లోపలికి పంపుతాయి, ఆకు పచ్చబడుతుంది. ఆరాక మళ్ళీ మూతలా పడి, లోపలి నీరు బయటకు పోకుండా కాపాడతాయి.

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఈ మొక్కలకు నీళ్ళంటే గిట్టదనుకున్నాడు. ఎలియాస్ టిల్లాండ్స్ అనే వైద్యుడు ఒకసారి ఓడ ప్రయాణంలో విపరీతంగా ఇబ్బందిపడి, తిరుగు ప్రయాణంలో సముద్రం జోలికి పోకుండా గట్టు వెంబడి చుట్టు తిరిగి వచ్చాడని చెప్పుకుంటారు. ఆయన పేరే ఈ మొక్కలకు పెట్టాడు. కానీ ఇవి నీళ్ళు తాగే మొక్కలే. ఒళ్ళు తడిగా ఉండిపోతేనే వీటికి పడదు.

ఎందుకు పడదో తెలిస్తే జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. నాగజెముడులాగే ఇవి పగటి ఎండలో ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలి పీల్చుకుంటాయి. ఆకు మీద నీటిపొర ఉంటే ఆ గాలి అందదు. రాత్రి నానబెట్టి తడిగానే వదిలేస్తే మొక్క తెల్లవార్లూ ఊపిరాడక ఉంటుంది. పైగా ఆకుల సందుల్లో నిలిచిన నీరు గాలి ఆడని చోట బూజును పెంచుతుంది. అందుకే పొద్దున్నే నానబెట్టాలి, సాయంత్రానికి పూర్తిగా ఆరిపోవాలి.

నర్సరీల్లో తరచుగా కనిపించే అయోనాంతా లాంటి చిన్న మొక్కను వారానికోసారి గది వేడిమిలో ఉన్న నీళ్ళలో ఇరవై నిమిషాల నుంచి అరగంట ముంచితే చాలు. పువ్వు ఉంటే దాన్ని నీటి పైనే ఉంచాలి. వాన నీళ్ళు అన్నిటికన్నా మంచివి. ఉప్పదనం ఎక్కువున్న బోరు నీళ్ళు వాడుతూ పోతే తెల్లటి పొక్కు కట్టి ట్రైకోమ్‌లు పూడుకుపోతాయి. మనవాళ్ళు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది మరొకటుంది. రాగి ఈ కుటుంబం మొక్కలకు విషం. రాగి చెంబులో నిలవ ఉంచిన నీళ్ళు వాడకూడదు, రాగి తీగతో మొక్కను కట్టకూడదు. స్టీలు గిన్నె గానీ ప్లాస్టిక్ టబ్బు గానీ చాలు.

అసలు పని తీశాక మొదలవుతుంది. మొక్కను తలకిందులుగా పట్టుకుని మెల్లగా నాలుగైదుసార్లు విదిలించాలి. పాతగుడ్డ మీద తలకిందులుగానో పక్కకు వాల్చో పెట్టి, గాలి ఆడేచోట ఉంచాలి. ఫ్యాను గాలి మంచిదే. తడి మీద నేరుగా ఎండలో పెట్టకూడదు. నాలుగు గంటల్లో ఆరిపోవాలి. ఆకు మళ్ళీ వెండిరంగుకు వచ్చింది కదా అని తొందరపడితే మోసపోతాం, ఎందుకంటే ముందు ఆరేది పైభాగం. మొదలు దగ్గర ఆకుల సందులో వేలు పెట్టి చూడాలి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

విశాఖ ఇంట్లో ఉన్నది బల్బోసా అనే రకం. దాని మొదలు ఉల్లిగడ్డలా ఉబ్బి, లోపల బోలుగా ఉంటుంది. అడవిలో ఆ బోలులో చీమలు కాపురముంటాయి. నీరు అందులోకి చేరితే బయటకు రావడం కష్టం. అలాంటి మొక్కను ఒకసారి ముంచి తీసి, తలకిందులుగా ఎక్కువసేపు ఉంచాలి. ఒళ్ళంతా తెల్లటి నూగుతో ఉండే టెక్టోరమ్‌ను అసలు నానబెట్టనే కూడదు. పొద్దున పూట సన్నటి తుంపర కొడితే చాలు.

ఇక దాహం సంగతి. అది ఆకుల్లో కనిపిస్తుంది. మామూలుగా దోనెలా విచ్చుకుని ఉండే ఆకు అంచులు లోపలికి ముడుచుకుంటాయి. ఆకు మీద సన్నటి ముడతలు పడతాయి. వెండిరంగు మరీ పాలిపోతుంది, కొనలు గోధుమరంగులోకి మారి పెళుసుబారతాయి. చేతిలోకి తీసుకుంటే తేలికగా అనిపిస్తుంది. నానబెట్టాక ఒకసారి, నాలుగు రోజులకొకసారి వంటింటి త్రాసు మీద తూచి రాసుకుంటే, మన ఇంట్లో మొక్క ఎన్నాళ్ళకు నీళ్ళు అడుగుతుందో నెల తిరిగేసరికి తెలిసిపోతుంది. బాగా ఎండినదాన్ని పగటిపూట నాలుగైదు గంటలు నీళ్ళలో ఉంచితే చాలావరకు కోలుకుంటుంది.

కుళ్ళు మాత్రం మొదలు దగ్గర పుడుతుంది. అక్కడ నల్లమచ్చ, మెత్తదనం, కొంచెం లాగితే నడిమి ఆకులు ఊడి రావడం దాని గుర్తులు. అడుగున ఒకటి రెండు ముదురాకులు ఎండి రాలడం మామూలే. పూసిన మొక్క పిలకలు పెట్టి నెలల తరబడి మెల్లగా ఎండిపోవడమూ సహజమే. ఈ రెంటినీ కుళ్ళనుకుని కంగారుపడనక్కర్లేదు, దాహమనుకుని నీళ్ళలో ముంచెత్తనూ కూడదు. పైపై ఆకులే చెడి మొవ్వు గట్టిగా ఉంటే, చెడ్డవి తీసేసి వారం పది రోజులు పొడిగా వదిలేయాలి. మొవ్వే ఊడొస్తే తల్లి మొక్క పోయినట్టే. పక్కన గట్టిగా ఉన్న పిలక ఏదైనా ఉంటే దాన్ని విడదీసి కాపాడుకోవచ్చు.

ఊరిని బట్టి లెక్క మారుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల పొడిగాలికి మొక్క గంటలోనే ఆరిపోవచ్చు. అక్కడ వారానికి రెండుసార్లు నానబెట్టాల్సి రావచ్చు. కోస్తాలో ముసురు పట్టిన రోజుల్లో నానబెట్టడం ఒకటి రెండు వారాలు మానేసినా గాలిలో తేమే మొక్కను చాలావరకు నిలబెడుతుంది. ఆ రోజుల్లో నీళ్ళ కంటే ఫ్యాను ముఖ్యం.

విశాఖ ఇంటివాళ్ళు మళ్ళీ బల్బోసా తెచ్చుకుంటే చేయాల్సింది కొంచెమే. ఉదయం ఏడింటికి ముంచి తీయాలి. విదిలించి, ఫ్యాను కింద తలకిందులుగా ఉంచి, మధ్యాహ్నం మొదలు తాకి చూడాలి. ఆ తర్వాత ఒక చెక్కముక్క మీద, వెలుతురు పడే కిటికీ పక్కన పెట్టాలి. గాజు గోళాన్ని మాత్రం ఇంకో పనికి వాడుకోవాలి.